టాన్సిల్ పక్కన చీము పడితే మందులతోనే తగ్గుతుందా?

ప్రశ్న: మా తమ్ముడికి 23 ఏళ్లు, గుంటూరులో ఉంటాం. ఐదు రోజుల నుంచి కుడివైపు మాత్రమే విపరీతమైన గొంతు నొప్పి. ఉమ్మి కూడా మింగలేకపోతున్నాడు. నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు, మాట ముద్దగా వస్తోంది. ఆజిత్రోమైసిన్ మూడు రోజులు వాడాడు. ఈఎన్‌టీ డాక్టరుగారు చూసి టాన్సిల్ పక్కన చీము పట్టింది, సూది పెట్టి తీయాలి అన్నారు. గొంతులో సూది అనేసరికి అమ్మ భయపడుతోంది. గట్టి యాంటీబయాటిక్ వాడితే తగ్గదా?

సమాధానం:

తీయించండి. రేపటిదాకా ఆగకుండా ఈ రోజే తీయించండి. ఐదో రోజుకి నోరు తెరుచుకోవడం లేదంటే అక్కడ చీము నిండి ఉంటుందనే అనుకోవాలి. మీ డాక్టరుగారు చెప్పింది సరైన మాట. యాంటీబయాటిక్ ఎలాగూ ఇస్తారు, అది అవసరం కూడా. కానీ చీము బయటికి రాకుండా మందు ఒక్కటే పని చేస్తుందని ఎదురుచూడటం ప్రమాదం.

నేను ఇరవై ఏళ్లకు పైగా విజయవాడలో, గుంటూరులో ఈఎన్‌టీ చూస్తున్నాను. మీ అమ్మగారి భయం నాకు కొత్త కాదు. ఈ జబ్బుతో వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. అందుకని ఆ గదిలో ఏం జరుగుతుందో, ఎందుకు అలా చేస్తామో వివరంగా చెబుతాను.

ముందు చీము ఎక్కడ ఉందో తెలియాలి. టాన్సిల్ చుట్టూ పల్చటి పొర ఉంటుంది. ఆ పొరకీ, దాని వెనక ఉండే గొంతు కండరానికీ మధ్య కాస్త వదులు జాగా ఉంది. మామూలు టాన్సిల్ ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు, ఒక్కోసారి ముందు టాన్సిల్ నొప్పి లేకుండానే, ఆ జాగాలో చీము చేరుతుంది. ఎక్కువగా టాన్సిల్ పైభాగాన, కొండనాలుకకి పక్కగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కొండనాలుకని అవతలి వైపుకి నెట్టేస్తుంది. నోట్లో టార్చి వేసి చూస్తే కొండనాలుక మధ్యలో వేలాడాల్సింది ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. మేం ముందు చూసేది అదే.

దవడ ఎందుకు పట్టేస్తుందంటే, ఆ గొంతు కండరానికి ఆనుకునే బయటి పక్కన నమిలే కండరం ఒకటి ఉంది. చీము సెగ దానికి తగిలి అది బిగుసుకుపోతుంది. మామూలు గొంతు నొప్పిలో మింగడం ఎంత కష్టమైనా నోరు మాత్రం తెరుచుకుంటుంది. గొంతు నొప్పితో పాటు నోరు రెండు వేళ్ల వెడల్పు కూడా తెరుచుకోకపోతే, అది టాన్సిల్ దాటి వెనక్కి వెళ్లిందని గుర్తు. మాట మారడం కూడా అందుకే. అంగిలి వెనక మెత్తటి భాగం వాచి కదలదు. పొగలు కక్కే బజ్జీ కొరికి, మింగలేక ఊయలేక మాట్లాడితే గొంతు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. గొంతు బొంగురుపోవడం వేరు, ఇది వేరు. ఫోన్‌లో నాలుగు ముక్కలు వింటేనే చాలాసార్లు తెలిసిపోతుంది.

ఇక మందులతో ఎందుకు తగ్గదు అన్న సంగతి. మాత్ర వేసుకున్నా, ఇంజెక్షన్ చేసినా, మందు రక్తంలో ప్రయాణించి ఇన్ఫెక్షన్ దగ్గరికి చేరాలి. చీము మధ్యలో రక్తనాళాలు ఉండవు. అది చచ్చిన కణాలు, సూక్ష్మజీవులు కలిసిన ముద్ద. మందు దాని అంచులదాకా వచ్చి ఆగిపోతుంది. చుట్టూ వాపు కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది, జ్వరం ఒక పూట దిగుతుంది, లోపలిది అలాగే ఉంటుంది. మీ తమ్ముడు వాడిన ఆజిత్రోమైసిన్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. ఈ చీములో స్ట్రెప్టోకాకస్‌తో పాటు గాలి లేని చోట పెరిగే బాక్టీరియాలు కలిసి ఉంటాయి. వాటిలో ఫ్యూసోబాక్టీరియం అనే రకం కుర్రవాళ్లలో తరచుగా కనిపిస్తుంది. దానికి ఆజిత్రోమైసిన్ సరిగ్గా పని చేయదు. మన దగ్గర గొంతు నొప్పి అనగానే మెడికల్ షాపులో మూడు మాత్రల ఆజిత్రోమైసిన్ పట్టీ చేతిలో పెట్టడం అలవాటైపోయింది. ఆ మూడు రోజులూ గడిచేసరికి మనిషి నా దగ్గరికి దవడ బిగుసుకుని వస్తాడు.

ఒక కేసు చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమాస్తాగా చేసే కుర్రాడు, 26 ఏళ్లు. మార్చి నెల, సరుకు బాగా వస్తున్న రోజులు. గొంతు మంట మొదలైతే మిర్చి ఘాటు అనుకున్నాడు. యార్డులో పని చేసేవాళ్లకి దగ్గు, గొంతు మంట మామూలే కాబట్టి ఇంట్లోవాళ్లూ పట్టించుకోలేదు. కానీ ఘాటు వల్ల వచ్చే మంట గొంతంతా ఉంటుంది, పని నుంచి ఇంటికొస్తే తగ్గుతుంది. ఇతనికి మూడో రోజుకి ఎడమవైపు పూర్తిగా పోయి, కుడివైపు మాత్రం పొడిచినట్టు మిగిలింది. ఆ ఒక పక్కకి తిరగడమే ముఖ్యమైన గుర్తు. అప్పటికే ఆజిత్రోమైసిన్ మొదలుపెట్టాడు.

నాలుగో రోజు కుడి చెవిలో పోటు. షాపులో చెవిలో వేసే చుక్కలు కొన్నారు. చెవిలో జబ్బేమీ లేదు. టాన్సిల్ దగ్గర నొప్పిని మోసే నరమే మధ్య చెవికి కూడా కొమ్మ ఇస్తుంది, అందుకని గొంతు నొప్పి చెవిలో పలుకుతుంది. ఐదో రోజు పొద్దున నోరు తెరుచుకోలేదు. జ్ఞానదంతం అనుకుని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. అలా అనుకోవడంలో తప్పు లేదు, చివరి పన్ను చుట్టూ చిగురు వాచినా దవడ ఇలాగే పట్టేస్తుంది. ఆ పళ్ల డాక్టరు మంచి పని చేశారు. పన్ను బాగానే ఉంది, కొండనాలుక పక్కకి పోయింది అని కాగితం మీద రాసి వెంటనే పంపారు.

నా గదిలోకి వచ్చినప్పుడు చేతిలో తువ్వాలు ఉంది. నిమిషానికోసారి ఉమ్మిని అందులోకి వదులుతున్నాడు, ఎందుకంటే మింగే ప్రతిసారీ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. తల కాస్త కుడివైపుకి వంచి పట్టుకున్నాడు. జ్వరం 102. నోటి నుంచి కుళ్లు వాసన. నోట్లో నా ఒక వేలు పట్టేంత సందు. రెండు రోజులుగా నీళ్లు కూడా తాగలేదు, నాలుక అట్టకట్టి ఉంది.

వెంటనే సూది తీసుకోలేదు. ముందు సెలైన్ పెట్టించి, యాంటీబయాటిక్, నొప్పి తగ్గే ఇంజెక్షన్, ఒక డోసు డెక్సామెథసోన్ ఇచ్చి ముప్పావుగంట ఆగాను. ఈ స్టెరాయిడ్ ఒక్క డోసు వాపునీ దవడ బిగుతునీ తగ్గిస్తుంది. ఒక వేలు పట్టే నోరు రెండు వేళ్లు పట్టేదాకా వదులైంది. అప్పుడు కుర్చీలోనే నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కి ఆనించి, గొంతులో మత్తు స్ప్రే కొట్టాను. పడుకోబెట్టను, ఎందుకంటే చీము బయటికి వస్తే అది ముందుకి, నోట్లోంచి ట్రేలోకి రావాలి, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

సూది సంగతి మీ అమ్మగారికి వివరంగా చెప్పండి. 10 ఎంఎల్ సిరంజికి 18 నంబరు సూది. సూదికి ఉండే ప్లాస్టిక్ మూత కొన కత్తిరించి మళ్లీ తొడుగుతాం, అప్పుడు బయట సెంటీమీటరు సూది మాత్రమే కనిపిస్తుంది. చెయ్యి జారినా అంతకన్నా లోతుకి దిగదు. మెదడుకి వెళ్లే పెద్ద రక్తనాళం టాన్సిల్‌కి వెనకగా, బయటి పక్కకి సుమారు రెండు, రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అందుకే ఆ సెంటీమీటరు హద్దు. సూదిని నేరుగా వెనక్కి పోనిస్తాం, పక్కకి తిప్పం. టాన్సిల్‌లో గుచ్చం, దానికి పైన ఎక్కువగా ఉబ్బి మెత్తగా తగిలే చోట గుచ్చుతాం.

అతనికి గుచ్చి పిస్టన్ వెనక్కి లాగితే ఆకుపచ్చ కలిసిన పసుపు చీము వచ్చింది, దాదాపు 7 ఎంఎల్. గదంతా వాసన. తర్వాత అదే చోట చిన్న కోత పెట్టి, సన్నటి ఫోర్సెప్స్‌తో సందు వెడల్పు చేస్తే ఇంకొంచెం వచ్చింది. కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా పది నిమిషాలు. నోరు పుక్కిలించి ఉమ్మేసి, "గొంతులోంచి రాయి తీసినట్టుంది సార్" అన్నాడు. ఆ మాట మామూలు గొంతుతో వచ్చింది. అరగంట తర్వాత గ్లాసుడు మజ్జిగ తాగాడు. రాత్రి ఉంచుకుని మర్నాడు పంపించాం.

నొప్పి ఉండదని అబద్ధం చెప్పను. మత్తు స్ప్రే పైపొర వరకే పని చేస్తుంది. గుచ్చేటప్పుడు చురుక్కుమంటుంది, కోత పెడితే ఇంకాస్త ఎక్కువ. కానీ ఆ నొప్పి కొన్ని సెకన్లు. అది అప్పటికి ఐదు రోజులుగా పడుతున్న నొప్పి ముందు తక్కువేనని చేయించుకున్నవాళ్లే చెబుతారు. సూదితో మాత్రమే లాగేయడం, కోత పెట్టడం, రెండూ సరైన పద్ధతులే. సూదితో చేస్తే బాధ తక్కువ, మళ్లీ నిండే అవకాశం కాస్త ఎక్కువ. ఏది చేయాలన్నది మీ డాక్టరు చెయ్యి అలవాటునీ, నోరు ఎంత తెరుచుకుంటుందన్నదాన్నీ బట్టి ఉంటుంది. ఆ ఎంపిక ఆయనకి వదిలేయండి.

అందరికీ గుచ్చాలా? అక్కర్లేదు. చీము గూడు కట్టక ముందు వాపు మాత్రమే ఉండే దశ ఒకటి ఉంటుంది. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చి, నోరు బాగానే తెరుచుకుంటూ, ఉబ్బు గట్టిగా ఉంటే నేను ఇంజెక్షన్లు ఇచ్చి ఒకటి రెండు రోజులు చూస్తాను. చాలా చిన్న చీముగడ్డలు కూడా కొన్ని అలా తగ్గుతాయి. కానీ అది ఆసుపత్రిలో పూటపూటకీ గొంతు చూసుకుంటూ చేసే పని. ఇంట్లో మాత్రలు మార్చి చూడటం దీనికింద రాదు. పైగా మీ తమ్ముడు ఉమ్మి కూడా మింగలేకపోతున్నాడు, మాత్ర ఎలా మింగుతాడు?

దీనికి అవతలి వైపు కూడా చెప్పాలి. సూది గుచ్చితే చీము రాకపోతే చీము లేనట్టు కాదు. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తల్లో, విజయవాడలో ఇంటర్ చదివే హాస్టల్ అమ్మాయికి పైభాగంలో ఒక్కసారి గుచ్చి, ఏమీ రాకపోతే వాపే అనుకుని ఇంజెక్షన్లు పెట్టాను. రెండు రోజులైనా జ్వరం దిగలేదు, దవడ వదల్లేదు. సీటీ స్కాన్ తీయిస్తే చీము టాన్సిల్ కిందిభాగంలో ఉంది. ఆ రెండు రోజులూ ఆ పిల్ల అనవసరంగా బాధ పడింది, అది నా పొరపాటే. అప్పటి నుంచి పైన రాకపోతే సెంటీమీటరు కింద, అక్కడా రాకపోతే ఇంకాస్త కింద చూస్తాను. అప్పటికీ రాక, మనిషి మెరుగవకపోతే ఒకటి రెండు రోజుల్లోనే స్కాన్‌కి పంపుతాను. మీ డాక్టరుగారు మూడు చోట్ల గుచ్చినా, మందు ఎక్కించి స్కాన్ తీయాలన్నా కంగారు పడకండి.

గుట్కా, ఖైనీ అలవాటు ఉంటే డాక్టరుకి దాచకుండా చెప్పండి. ఏళ్ల తరబడి నమిలినవాళ్లకి బుగ్గలు లోపల గట్టిపడి నోరు ముందే తక్కువ తెరుచుకుంటుంది. అది నొప్పి లేకుండా నెమ్మదిగా వచ్చేది, ఇది రోజుల్లో వచ్చేది. రెండూ కలిసి ఉంటే కుర్చీలో చేయడం కష్టమై ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి రావచ్చు. షుగర్ ఉంటే అది కూడా చెప్పాలి, వాళ్లకి చీము వేగంగా పాకుతుంది. చిన్నపిల్లలు కుర్చీలో కదలకుండా ఉండలేరు కాబట్టి వాళ్లకి చాలాసార్లు పూర్తి మత్తు ఇచ్చే చేస్తాం.

ఇంట్లో కొందరు వేడినీళ్లు పుక్కిలించి "అదే పగిలిపోతుంది" అని ఎదురుచూస్తారు. నిజమే, కొన్నిసార్లు దానంతట అదే పగిలి చీము నోట్లోకి వస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు పగిలితే ఉమ్మేస్తాడు. అర్ధరాత్రి నిద్రలో పగిలితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వేలితోనో చెంచాతోనో నొక్కి పగలగొట్టాలని మాత్రం ఎవరూ చూడొద్దు. లోపలే ఉండిపోయిన చీము మెడ లోతుల్లోకి జారితే అక్కడి నుంచి ఛాతీదాకా దిగగలదు. అది అరుదు, కానీ అలా ముదిరి వచ్చిన మనిషిని ఐసీయూలో పెట్టి కూడా కాపాడలేకపోయిన సందర్భాలు ఉంటాయి.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ చూసుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి: ఊపిరి తీసుకుంటుంటే శబ్దం రావడం, పడుకోలేక ముందుకి వంగి కూర్చోవడం, మెడ బయట వాపు పాకడం, మెడ తిప్పలేకపోవడం, ఛాతీలో నొప్పి. దారిలో పడుకోబెట్టకండి, అతనికి ఊపిరి సులువుగా ఆడే తీరులో కూర్చోనివ్వండి. గుంటూరు జీజీహెచ్‌లో ఈఎన్‌టీ విభాగం ఉంది, రాత్రి క్యాజువాలిటీ తెరిచే ఉంటుంది. డబ్బు గురించి ఆగాల్సిన పని లేదు.

తీయించాక ఏం జరుగుతుందో కూడా చెబుతాను. నొప్పి, మాట ఆ రోజే మెరుగవుతాయి. దవడ పూర్తిగా వదలడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది, దానికి టెన్షన్ పడకండి. ఒకటి రెండు పూటలు ఉమ్మిలో నెత్తుటి చార, చేదు నీరు రావడం మామూలే. ధారగా రక్తం వస్తే మాత్రం వెంటనే వెళ్లాలి. యాంటీబయాటిక్ సాధారణంగా పది రోజులు ఉంటుంది. నేను ఎక్కువగా అమోక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన మందు ఇస్తాను, అది గాలి లేని చోట పెరిగే వాటి మీద కూడా పని చేస్తుంది. పెన్సిలిన్ పడనివాళ్లకి వేరేది ఇస్తాం, కాబట్టి ఏదైనా మందు పడదంటే ముందే చెప్పండి. మూడో రోజుకి బాగుందని ఆపేసేవాళ్లే మళ్లీ వస్తుంటారు. తిండి విషయానికి వస్తే చల్లారిన జావ, మజ్జిగ, మెత్తగా కలిపిన పెరుగన్నం. కారం, పచ్చళ్లు వారం రోజులు పక్కన పెట్టండి. అన్నం తిన్న ప్రతిసారీ గోరువెచ్చని ఉప్పునీళ్లతో నెమ్మదిగా పుక్కిలిస్తే చాలు.

మర్నాడు ఒకసారి తప్పకుండా చూపించాలి. కోత అంచులు అతుక్కుని లోపల మళ్లీ నిండొచ్చు. మాట మళ్లీ ముద్దగా మారినా, తగ్గిన జ్వరం తిరిగి వచ్చినా అదే అనుమానించాలి. అలా అయితే ఇంకోసారి తీయాలి, అంతే. వారం తర్వాత చలితో జ్వరం వచ్చి మెడ ఒక పక్క నొప్పి పెడితే గొంతు బాగుంది కదా అని ఊరుకోవద్దు. మెడ రక్తనాళంలో ఇన్ఫెక్షన్‌తో గడ్డ కట్టడం అనేది అరుదుగా జరుగుతుంది, ఆ విషయం డాక్టరుకి చెప్పి చూపించాలి.

తర్వాత మీ ఇంట్లో వచ్చే ప్రశ్న టాన్సిల్స్ తీసేయాలా అని. ఒక్కసారి వచ్చినంత మాత్రాన నేను తీయను. ఎక్కువమందికి మళ్లీ రాదు, వందలో పది పదిహేను మందికి వస్తుంది. అంతకుముందు కూడా ఏటా నాలుగైదుసార్లు టాన్సిల్స్ వాచి జ్వరం వచ్చే మనిషి అయితే, లేదా ఈ చీము రెండోసారి పడితే, వాపంతా తగ్గాక ఆరు వారాలు ఆగి తీస్తాం. మిర్చి యార్డు కుర్రాడిని అడిగితే చిన్నప్పటి నుంచి వానాకాలం వస్తే గొంతు పట్టేస్తుందని చెప్పాడు. మే నెలలో తీశాం. మీ తమ్ముడికి ఇదే మొదటిసారి అయితే ఆ మాట ఇప్పుడు అనుకోనక్కర్లేదు. ఈ రోజు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడిన మాత్రల పట్టీ, అవి మొదలుపెట్టిన తేదీ రాసిన కాగితం తీసుకెళ్లండి. అతను మాట్లాడలేడు కాబట్టి మీరు పక్కన ఉండి చెప్పాలి.